‘గారు’ కాస్తా ‘గాడు’ అయితే

సందేహం: మా మాస్టారి అబ్బాయికి ‘మాస్టారు గారు ఇంటికి చేరారా?’ అని ఫోనులో పంపబోతే ‘మాస్టారు గాడు ఇంటికి చేరారా?’ అని వెళ్లిపోయింది. అతను ఆ స్క్రీన్‌షాట్‌ను స్నేహితులందరికీ పంచిపెట్టాడు. మాస్టారు కూడా చూసి నవ్వారట. నా సందేహాలు: ఈ తప్పు నాదా, ఫోనుదా? వ్యాకరణం ప్రకారం ఈ వాక్యాన్ని ఏమనాలి? ఇలాంటి స్క్రీన్‌షాట్లంటే జనానికి ఎందుకంత మోజు? – ఒక పాఠకుడు

సమాధానం: వ్యాకరణంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మీ పరువు కాపాడింది అదే. మీ వాక్యంలో కర్త చివర ‘గాడు’ ఉంది, క్రియ మాత్రం ‘చేరారా’ అని గౌరవంగా ఉంది. ‘గాడు’ చేరిస్తే క్రియ ‘చేరాడా’ కావాలి. ‘రాముగాడు చేరారా’ అని తెలుగు మాట్లాడేవాళ్లెవరూ అనరు. తిట్టదలచుకున్నవాళ్లు అసలే అనరు. తిట్టేటప్పుడు కూడా మనం కర్తకు, క్రియకు పొత్తు కుదిర్చే తిడతాం.

కర్త ఒక దారిన, క్రియ మరో దారిన పోతుంటే చదివేవారు రెంటిలో ఏదో ఒకటి పొరపాటని తేల్చుకోవాలి. ఇక్కడ ఆ పని కష్టం కాదు. ‘మాస్టారు’ గౌరవవాచకం, ‘చేరారా’ గౌరవ బహువచనం. ఆ రెంటి నడుమ ‘గాడు’ ఒంటరిగా దొరికిపోయింది. అందువల్ల చదివిన అబ్బాయికి ఒకే క్షణంలో రెండు వాక్యాలు కనిపించాయి: తెర మీద ఉన్నది ఒకటి, మీరు అనబోయినది ఒకటి. ఆ రెండో వాక్యం స్పష్టంగా కనిపించబట్టే మొదటిదానికి నవ్వాడు. అదే ‘మాస్టారుగాడు ఇంటికి చేరాడా?’ అని వెళ్లి ఉంటే పొత్తు చక్కగా కుదిరేది, మీకు మాత్రం కుదిరేది కాదు. అది ఫోను చేసిన తప్పని ఎంత మొత్తుకున్నా నమ్మేవాళ్లు తక్కువ.

(మీరు అడగలేదు గాని, ‘మాస్టారు’ అన్న మాటలోనే గౌరవం ఉంది. దాని మీద మళ్లీ ‘గారు’ చేర్చడం వాడుకలో ఉంది కాబట్టి తప్పనను. అయితే ఆ అదనపు గౌరవమే మిమ్మల్ని ఇరికించింది.)

ఇక తప్పు ఎవరిది అన్నది. మీరు రోమన్ అక్షరాలతో కొడితే తెలుగు లిపిలోకి మారే కీబోర్డు వాడుతున్నారని ఊహిస్తున్నాను. ఎందుకంటే ఈ తప్పు ఆ పద్ధతిలోనే సులువుగా దొర్లుతుంది. అందులో ‘గారు’ అంటే garu, ‘గాడు’ అంటే gadu. మామూలు కీబోర్డులో e, r అన్న రెండు మీటల కిందే d ఉంటుంది. వేలు కాస్త కిందికి జారితే చాలు, మర్యాద మాయమవుతుంది. ‘వచ్చారు’, ‘వచ్చాడు’ల మధ్య కూడా ఉన్నది ఆ దూరమే. తెలుగు క్రియల్లో గౌరవమంతా చివరి ‘రు’ మీద ఆధారపడి ఉంటుంది. ఈ మీటల అమరికను తయారుచేసినవారికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

నేరుగా తెలుగు అక్షరాలు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఈ ప్రమాదం లేదు. అక్కడ ‘ర’ ఉండేది j మీట మీద, ‘డ’ ఉండేది [ మీట మీద. రెంటికీ చాలా ఎడం. ‘ర’కు అటూ ఇటూ ఉన్నవి ‘ప’, ‘క’. అక్కడ వేలు జారితే ‘గాపు’ అనో ‘గాకు’ అనో పడుతుంది. రెంటికీ అర్థం లేదు. చదివినవారు కొట్టడంలో తప్పని గ్రహించి ముందుకు పోతారు. ఎవరూ స్క్రీన్‌షాట్ తీయరు.

ఇంతవరకు చెప్పినది వేలి తప్పు. మీరు స్వయంగా gadu అని కొట్టి ఉంటే ఫోను నమ్మకంగా ‘గాడు’ అని చూపించింది, దాని దోషం ఏమీ లేదు. అయితే ఇంకో అవకాశం ఉంది. మీ వేలు r మీద పడబోయి పక్కనున్న e మీద పడిందనుకుందాం. అప్పుడు gaeu వస్తుంది. అలాంటి మాట లేదు. దిద్దే అలవాటున్న కీబోర్డయితే ఇప్పుడు రంగంలోకి దిగుతుంది.

అది చేసే పని రెండు దశల్లో ఉంటుంది. మొదటి దశలో, కొట్టినదానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న మాటలన్నీ ఏరుతుంది. ఒక్క అడుగు అంటే ఒక అక్షరం మారడం, ఒకటి ఎక్కువ కావడం, ఒకటి తగ్గడం, పక్కపక్కనున్న రెండు తారుమారు కావడం. ఫ్రెడ్ డామెరో అనే పరిశోధకుడు 1964లో తాను పరిశీలించిన తప్పుల్లో 80 శాతానికి పైగా ఈ నాలుగింటిలో ఏదో ఒకటేనని చూపించాడు. ఇప్పటి దిద్దుబాటు పద్ధతులకు పునాది ఆ గమనికే. రెండో దశలో, ఏరిన మాటలకు మార్కులు వేస్తుంది. ఈ మాట కొట్టబోయి అలా తప్పే వీలెంత, అసలు ఈ మాటను జనం వాడేది ఎంత అన్న రెంటినీ కలిపి లెక్కిస్తుంది. దొరికితే ముందున్న మాటను కూడా చూస్తుంది.

gaeu విషయంలో ఏం జరుగుతుందో చూడండి. e మీటకు r పక్కన ఉంది, d కింద ఉంది. అంటే garu అనబోయి అలా కొట్టి ఉండవచ్చు, gadu అనబోయి కూడా కొట్టి ఉండవచ్చు. రెండూ ఒక్క అడుగే. వేలి జాడ వల్ల తేలేది దాదాపు లేదు. మిగిలింది వాడుక. ‘మాస్టారు’ తర్వాత ‘గారు’ ఎక్కువ వస్తుందని తెలిసిన కీబోర్డు సరిగ్గానే దిద్దుతుంది. ముందున్న మాటను పట్టించుకోని కీబోర్డయితే, లేదా మీరు ఇదివరకు కొట్టిన మాటలకు పెద్దపీట వేసేదయితే, స్నేహితులకు రాసేటప్పుడు మీరు వాడిన ‘గాడు’లన్నీ ఇప్పుడు లెక్కకు వస్తాయి. ఆ తూకంలో ‘గాడు’ గెలవవచ్చు.

ఇలాంటి స్క్రీన్‌షాట్ చూసినవాళ్లు ‘నీ ఫోను నీ గుట్టు బయటపెట్టింది’ అని ఆటపట్టించేది ఇందుకే. మాట తూలితే మనసులో దాగినది బయటపడుతుందని ఫ్రాయిడ్ 1901లో ఒక పుస్తకమే రాశాడు. ఆ నమ్మకం నోటి నుంచి ఫోనుకు పాకింది. కాని ఈ సాక్ష్యం నిలవదు. ఫోను తూకంలో మీ అలవాటుతో పాటు దాని నిఘంటువుతో వచ్చిన లెక్కలు కూడా ఉంటాయి. ఏది ఎంత మొగ్గిందో స్క్రీన్‌షాట్ చెప్పదు. మీకు తెలుసుకోవాలనే ఉంటే ఖాళీ పేజీలో garu, gaeu రెండూ మెల్లగా కొట్టి, పైన వచ్చే సూచనలు చూడండి. gaeu కు ‘గాడు’ మొదట వస్తే ఫోను మీద అనుమానపడవచ్చు. రాకపోతే మీ వేలినే అనుమానించాలి.

ఇప్పుడు మోజు సంగతికి వద్దాం. చేతి తప్పుకు రాని నవ్వు యంత్రం దిద్దితే ఎందుకు వస్తుంది? యంత్రం దగ్గర ఉన్నవన్నీ అసలైన మాటలే కాబట్టి. మన చేతికి ‘గాపు’ అని పిచ్చిగా కొట్టే స్వేచ్ఛ ఉంది. దిద్దే యంత్రానికి అది లేదు. అది ఎంత ఘోరంగా పొరబడినా నిఘంటువులో ఉన్న మాటనే తెచ్చి పెడుతుంది. అంటే దాని ప్రతి తప్పుకూ ఒక అర్థం ఉంటుంది. పైకి అర్థంలేని రాతలా కనిపించేదాంట్లో మనల్ని నవ్వించేది, అందులో అక్కర్లేని అర్థం పుట్టుకురావడమే.

తొలినాళ్ల దిద్దుబాటుకు ఈ శక్తి లేదు. 1993లో మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో వచ్చిన ఆటోకరెక్ట్ ప్రధానంగా ఒక జాబితా. teh అని పడితే the అని మార్చు, అంతే. ఊహించే పని లేదు, కాబట్టి అభాసుపాలు చేసే పనీ లేదు. అక్షరక్రమం సరిచూసి సూచనలు ఇచ్చే సాధనాల దగ్గర మాత్రం తమాషాలు జరిగాయి. అందులో పేరుపడ్డది ఒకటి చెబుతాను. సహకారం అనే అర్థమున్న ఇంగ్లీషు మాట కొన్ని పాత నిఘంటువుల్లో నడుమ అడ్డగీతతో co-operation అని మాత్రమే ఉండేది. గీత లేకుండా cooperation అని రాస్తే యంత్రం అది తప్పని, Cupertino అని ఉండాలని సూచించేది. అది కాలిఫోర్నియాలో ఒక ఊరు. తొందరలో ఆ సూచనను ఒప్పుకున్నవాళ్ల పుణ్యమా అని ఐక్యరాజ్యసమితి, ఐరోపా సమాఖ్య వంటి సంస్థల పత్రాల్లో దేశాల మధ్య సహకారం ఉండాల్సిన చోట ఆ ఊరి పేరు వెలిసింది. నిఘంటువులో ఒక మాట లేకపోవడం వల్ల పుట్టిన తప్పు అది.

తెలుగువాళ్లకు ఈ కష్టం వంద రెట్లు. ఇంగ్లీషు కీబోర్డు పెట్టుకుని రోమన్ అక్షరాల్లోనే తెలుగు రాసేవారి విషయంలో నిఘంటువులో లేనిది ఒక మాట కాదు, మొత్తం భాష. ‘నేను’ అని nenu కొడితే menu ఒక్క అడుగు. ‘ఉంది’ అని undi కొడితే undo ఒక్క అడుగు. ‘బాబు’ అని babu కొడితే baby ఒక్క అడుగు. మూడింటిలోనూ మారేది పక్క మీటే. ‘బాబు గారూ’ అని ఒక పెద్దాయనను పిలవబోయినవాడు baby అని పిలిచి ఊరుకోవడం ఎంత తేలికో చూడండి.

పాడు మాటలు రాకుండా ఫోనుల్లో వడపోత ఉంటుంది కదా, మరి ఈ ఇబ్బందులేమిటని మీరు అడగవచ్చు. వడపోత ఉంది. చాలా ఏళ్లు ఐఫోన్ కీబోర్డు ఒక ఇంగ్లీషు బూతును బాతుగా మారుస్తూ వచ్చింది. (మన లిపిలోనూ వాటి మధ్య ఉన్నది ఒక్క గుణింతం తేడాయే.) 2023లో ఆపిల్ సంస్థ తన సమావేశంలో ఇకపై ఆ మార్పు ఉండదని నవ్వుతూ ప్రకటించాల్సి వచ్చింది. కాని ఆ వడపోతకు తెలిసినది మాటల శీలం మాత్రమే. ‘గాడు’ బూతు కాదు. baby బూతు కాదు. చిన్ననాటి స్నేహితుడిని ‘గాడు’ అంటే ప్రేమ, మాస్టారిని అంటే అపరాధం. తప్పు మాటలో లేదు, ఎవరు ఎవరితో అన్నారన్నదాంట్లో ఉంది. అది ఏ నిఘంటువులోనూ ఉండదు, అందుకే ఫోను పట్టుకోలేదు. నలుగురు పంచుకునే వాటిలో తల్లిదండ్రులకో, పై అధికారికో, కాబోయే అత్తమామలకో వెళ్లినవి ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

అన్ని తప్పులూ ఇంత రుచిగా ఉండవు. ‘వివరాలు పంపండి’ అని కొట్టేటప్పుడు m మీటకు కిందనే ఉన్న ఖాళీ మీట తగిలితే pampandi కాస్తా pam pandi అవుతుంది. తెలుగులోకి మార్చే కీబోర్డు d ని ‘ద’ అనుకోవచ్చు, ‘డ’ అనుకోవచ్చు. దాని బుద్ధి పుడితే ‘వివరాలు పాం పంది’ అని తేలుతుంది. మొదటిసారి నవ్వు వస్తుంది, కాదనను. కాని అక్కడ వాక్యమే కూలిపోయింది, పాము, పంది తప్ప మిగిలిందేమీ లేదు. మీ వాక్యం అలా కాదు. ఒక్క మాట తప్పినా తక్కినవన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి. నా దృష్టిలో అదే ఉత్తమ జాతి.

నవ్వులో మరో సగం చదివేవారి నుంచి వస్తుంది. ఎదుటివాడు ఏదో అర్థంతోనే మాట్లాడుతున్నాడని నమ్మి వినడం సంభాషణకు మూలసూత్రమని పాల్ గ్రైస్ అనే తత్త్వవేత్త 1975లో వచ్చిన వ్యాసంలో వివరించాడు. ఆ నమ్మకం వల్ల వింత సందేశం అందినవారు వెంటనే దాన్ని కొట్టిపారేయరు. దానికి ఒక అర్థం వెతుకుతారు. ‘మా నాన్న మీద కోపమా?’ అని నిజాయితీగా అడుగుతారు. పంచుకోదగ్గ స్క్రీన్‌షాట్‌లో సాధారణంగా మూడు అంగాలుంటాయి: తప్పిన సందేశం, అందుకున్నవారి తికమక, పంపినవారి గగ్గోలు. వీటిలో రెండోది లేకపోతే అది ఉత్త పొరపాటు, చెప్పుకోవడానికి కథ ఉండదు. మూడోదాంట్లో మళ్లీ ఫోను వేలు పెట్టి ‘గారు’ను ఇంకోసారి చెడగొడితే ఆ కథ ఇంకొన్నాళ్లు తిరుగుతుంది.

ఇంత అభాసుపాలైనవాళ్లు దాన్ని దాచుకోకుండా తామే ఎందుకు పంచుతారు? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ‘పంపబోతే’ అని మొదలుపెట్టారు. అది సకర్మక క్రియ, చేసేది మీరు. తప్పు దగ్గరికి వచ్చేసరికి ‘పంపాను’ అనలేదు, ‘వెళ్లిపోయింది’ అన్నారు. అకర్మక క్రియ వచ్చింది, కర్త మీ నుంచి సందేశానికి మారింది. పైగా ‘పోయింది’ అన్న సహాయక క్రియ చేరింది. ఇష్టానికి వ్యతిరేకంగా, చేయి దాటి జరిగిన పనులకు తెలుగులో ఈ ‘పోవు’ చేర్చుతాం: పడిపోయింది, విరిగిపోయింది, మరిచిపోయాను. ఇలాంటి కథలు చెప్పేవారి మాటలు గమనించండి. ‘ఏదో పడిపోయింది’, ‘మారిపోయింది’, ‘వెళ్లిపోయింది’ అంటారు. ‘కొట్టాను’ అనేవారు అరుదు. చేసినవాడు లేని నేరం కావడం వల్ల దాన్ని ఎవరైనా ధైర్యంగా చెప్పుకోగలరు.

నవ్వును పరిశోధించిన పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ 2010లో ఒక ప్రతిపాదన చేశారు. ఒక కట్టుబాటు తెగాలి, అదే క్షణంలో దానివల్ల హాని లేదని కూడా తోచాలి, అప్పుడే నవ్వు పుడుతుందని. మీ వాక్యంలో కట్టుబాటును తెంచినది ‘గాడు’. హాని లేదని చెప్పినది ‘చేరారా’. మాస్టారు నవ్వగలిగారంటే ఆయన క్రియ దాకా చదివారన్నమాట.

దీని ఆధారంగానే కల్పించిన స్క్రీన్‌షాట్లను కూడా కొంతవరకు పసిగట్టవచ్చు. అసలైనదాంట్లో ఒక్క మాటే చెడుతుంది, చుట్టూ ఉన్న విభక్తులు, క్రియలు అనుకున్న మాటకే కట్టుబడి ఉంటాయి. నవ్వు కోసం కట్టినదాంట్లో తక్కిన వాక్యం కూడా తప్పు మాటకు తగినట్టు వంగుతుంది. రెండో పరీక్ష మీటల దూరం. అనుకున్న మాటకూ పడిన మాటకూ మధ్య పక్క మీటో, ఒక అక్షరం హెచ్చుతగ్గో ఉండాలి. నాలుగక్షరాలు మారి, దానికి బూతర్థం కూడా కుదిరి, ఎదుటివారు చమత్కారంగా జవాబిచ్చి ఉంటే నేను నమ్మను. ఈ పరీక్షలకూ హద్దుంది. వేలితో గీత గీసి మాట రాసే పద్ధతిలో ఎంతో దూరపు మాటలు కూడా నిజంగానే పడతాయి, ఎందుకంటే అక్కడ యంత్రం చూసేది అక్షరాలను కాదు, గీత ఆకారాన్ని.

ఇకపై ఇలా జరిగితే దిద్దే విధానం ఒకటి చెబుతాను. చాలామంది నక్షత్రం గుర్తు పెట్టి *రు అని ఒక్క అక్షరం పంపుతారు. తెలుగులో అది చాలదు. వాక్యంలో ‘రు’ ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉండవచ్చు, మీ వాక్యంలో ‘మాస్టారు’లోనూ ఉంది. *గారు అని మాట మొత్తం రాయండి, వీలైతే ‘మాస్టారు గారు’ అని ముందు మాటతో కలిపి రాయండి. పంపే ముందు ఆ ‘రు’ను ఒకసారి చూసుకోండి.